నా వాటా బరువు

కండక్టరమ్మ గొంతు బస్సులో ఆఖరి సీటు దాకా వినపడుతుంది. సిటీ బస్సులో పాతికేళ్ళకు పైగా టికెట్లు కొట్టిన గొంతు అది. ఇంజను మోతకు తగ్గదు, జనం గోలకు బెదరదు. ‘ముందుకు జరగండి, ముందంతా ఖాళీయే’ అని ఆమె ఒక్కసారి అంటే, కాలు పెట్టే చోటు లేని బస్సులో కూడా నలుగురికి చోటు పుట్టుకొచ్చేది. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం సైకిల్ షాపు మీది హాల్లో గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడదీసి మాట్లాడింది. ఆమెను ఎరిగినవాళ్ళు అరుపుకన్నా ఆ నెమ్మదికే ఎక్కువ జడుస్తారు.

“నా పేరు పక్కన ఈ గీత ఏమిటి, సెక్రటరీ గారూ?”

ఇనుప సామాన్ల కొట్టు నడిపే సెక్రటరీ కళ్ళజోడు సవరించుకున్నాడు. కొండెక్కకపోయినా ట్రెక్కింగ్ బృందానికి సెక్రటరీ ఆయనే, హాలు ఇప్పించిందీ ఆయనే. బల్లమీద ఆయన వేసుకొచ్చిన కాగితం ఉంది. ఒకవైపు ఉమ్మడి సామాను, రెండోవైపు దాన్ని మోసేవాళ్ళ పేర్లు.

“గీత అంటే మీకు బరువు లేదని, అక్కయ్యా. లీడరు మీరే, అందులో మాటే లేదు. చేతిలో ఓ కర్ర, ఓ నీళ్ళ సీసా. అంతే. మిగతాది పిల్లలు చూసుకుంటారు.”

“ఏ పిల్లలు? మాస్టారికి నాకంటే రెండేళ్ళు ఎక్కువ.”

మూల కూర్చుని సాక్సులు మడత పెట్టుకుంటున్న లెక్కల మాస్టారు తల ఎత్తలేదు. పక్కనే ఆయన భార్య, టీచరమ్మ, నవ్వు దాచుకోవడానికి దగ్గింది.

కండక్టరమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. “మోసేవాళ్ళ వరసలో లేను. పోనీ ఇటు చూద్దాం. గుడారాలు మూడు, స్టవ్వులు రెండు, గ్యాసు డబ్బాలు, గిన్నెలు, తాడు, మందుల పెట్టె... ఇక్కడా లేను. ఏమీ మొయ్యకుండా మీతో కొండెక్కేదాన్ని మనిషినెలా అవుతాను? సామానునే. రాయండి మరి. ఉమ్మడి సామాను కింద రాయండి. నన్నెవరు మోస్తున్నారు? తూకం వేయించమంటారా?”

అంటూ గుమ్మానికి వేలాడుతున్న కొక్కెం కాటా వైపు నిజంగానే నడిచింది. రెండు చేతులతో కొక్కెం పట్టుకుంది.

“అక్కా, వద్దక్కా! కాటా తెగుతుంది!” అని అరిచాడు పహిల్వాన్. అతను వ్యాయామశాలలో కోచ్. చేతులు చూస్తే దూలాల్లా ఉంటాయి, మనసు చూస్తే వెన్నముద్ద.

“తెగితే సెక్రటరీ గారి కొట్లో ఇంకోటి ఉంటుందిలే.”

సెక్రటరీకి ఇక మర్యాద కుదరలేదు. “ఆసుపత్రిలో పడుకుని వచ్చి ఎన్నాళ్ళయిందని? ఊపిరితిత్తులకు నిమ్ము పట్టి, మంచం మీద లేచి కూర్చోడానికే మీకు మనిషి సాయం కావాల్సి వచ్చింది. రేపు కొండ మీద మీకేమైనా అయితే మిమ్మల్ని దింపాల్సింది వీళ్ళే. నాకు భయం వెయ్యదా?”

అది అబద్ధం కాదు. అందుకే కండక్టరమ్మ కాటా వదిలి తిరిగొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

“భయపడండి. తప్పులేదు. డాక్టరు నడవమన్నాడు, మోయమన్నాడు, ఒంటికి మించి వద్దన్నాడు. ఆ ‘మించి’ ఎంతో చెప్పడానికి ఈ కాటా ఉంది. మొయ్యని మనిషి లీడరంటే నేను ఒప్పుకోను. ఆ మనిషి నేనైనా సరే. నా వాటా నాకివ్వండి. లేదా నేను ఇంట్లో కూర్చుంటా, పహిల్వాన్ నడిపిస్తాడు.”

“అయితే వినండి,” అన్నాడు సెక్రటరీ. “సాయంత్రం సర్దడం అయ్యాక వస్తాను. మీ బ్యాగు మీ లెక్క ప్రకారమే ఉండాలి. ఎక్కువ పెట్టుకున్నా, తక్కువ పెట్టుకున్నా రేపు మీరు బస్సెక్కరు. ఒప్పుకుంటారా?”

“ఒప్పుకున్నా. మీరు మాత్రం రావడం మర్చిపోకండి.”

ఆయన మెట్లు దిగుతుంటే కండక్టరమ్మ కూతురు గోడకు ఆనుకుని నిలబడి, తల్లినే చూస్తూ ఉండిపోయింది. మందుల షాపులో పనిచేస్తుంది ఆ పిల్ల. ఇంట్లో ఇదే విషయం మీద వారం రోజులుగా పొయ్యిలో ఆరని నిప్పులా ఒకటే రాజుకుంటోంది.

*

ఈ బృందం పుట్టిందే కండక్టరమ్మ సెలవు రోజుల్లోంచి. ఎప్పుడూ ఒకే దారిలో తిరిగి తిరిగి, ఆ దారి చివర కనపడే కొండల్లోకి ఏనాడూ పోలేదే అన్న రోషంతో ఒకసారి ఒక్కతే బయల్దేరింది. తర్వాత కూతుర్ని లాక్కెళ్ళింది. ఆ తర్వాత రోజూ తన బస్సెక్కే మాస్టారు, ఆయన వెంట టీచరమ్మ. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే ఫొటోగ్రాఫర్ కొండమీద సూర్యోదయం కోసం వచ్చి, ఆ ఉదయం లేవలేక, సూర్యాస్తమయంతో సరిపెట్టుకుని అలాగే ఉండిపోయాడు. పహిల్వాన్ అందరికంటే కొత్త.

మొదట్లో వాళ్ళకు పద్ధతీ పాడూ ఏమీ లేవు. ఎవరికి తోచింది వాళ్ళు మోసేవాళ్ళు. ఒక ప్రయాణంలో స్టవ్వు కొండెక్కింది, గ్యాసు ఎక్కలేదు. గ్యాసు డబ్బాలన్నీ ఒకడి బ్యాగులో ఉన్నాయి, ఆ మనిషి తెల్లవారేసరికి జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయాడు. ‘నేను లేకపోయినా మీరు వెళ్ళిరండి’ అని పెద్ద మనసుతో కబురు పంపాడు కూడా. పైకి పోయాక అతని మంచితనం నమిలి మింగలేక, ఉడకని గింజలు నమిలారు.

ఆ చలిలో కూర్చునే కండక్టరమ్మ తన పద్ధతులు కట్టింది. స్టవ్వులు రెండు, రెండు బ్యాగుల్లో. గ్యాసు కూడా రెండు చోట్ల, తిండి సంచికి దూరంగా. లైటర్లు కూడా అంతే, ఒకటి తడిస్తే ఇంకోటి. ఏ గుడారంలో ఎవరు పడుకుంటారో దాని ముక్కలు వాళ్ళే పంచుకోవాలి. ఒకరి దగ్గర లోపలి గుడ్డ, కర్రలు, మేకులు, రెండోవాళ్ళ దగ్గర పైకప్పు. మందుల పెట్టె లీడరు బ్యాగులో పైనే, చెయ్యి పెడితే తగిలేలా. మొదటి సాయంత్రం వండుకునే తిండి అందరిలోకీ బలం తక్కువైన వాళ్ళకివ్వాలి, ఎందుకంటే ఆ బరువే ముందు కరిగిపోతుంది. ఆఖరి రోజు తిండి గట్టివాళ్ళకు.

ఇక బరువు. ఎవరైనా సరే, తమ ఒంటి బరువులో అయిదో వంతుకు మించి ఎత్తకూడదు. అదీ నీళ్ళ సీసాలు నిండుగా పెట్టి తూచాలి. ‘నీళ్ళు లేకుండా తూకం వేయడమంటే ప్రయాణికుల్లేని బస్సును ఘాట్ రోడ్డెక్కించి బ్రహ్మాండంగా ఎక్కిందనడమే’ అంటుంది ఆమె.

అన్నిటికంటే వింతైనది ఆమె పెట్టిన హాజరు. బయల్దేరే ముందు మనుషుల పేర్లు పిలవదు. సామాను పేర్లు పిలుస్తుంది. ‘పెద్ద గిన్నె?’ అంటే దాన్ని మోసేవాడు ‘ఉన్నాను!’ అనాలి. అనడం ఒక్కటే కాదు, బ్యాగు తెరిచి వస్తువు మీద చెయ్యి పెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. పహిల్వాన్ కూడా మొదటిసారి ‘గరిట ఉన్నాను!’ అని సెల్యూట్ కొట్టాడు. రెండో ప్రయాణం నుంచి మాత్రం చెయ్యి పెట్టకుండా నోరు తెరవలేదు.

*

సెక్రటరీ వెళ్ళాక హాల్లో నేలమీద ఆరు దుప్పట్లు పరిచారు. ఎవరి దుప్పటి మీద వాళ్ళు బ్యాగు మొత్తం బోర్లించాలి. ఎవరి సామాను వాళ్ళు చూసుకోకూడదు, పక్కవాళ్ళు చూడాలి. తన కంటికి తన మరుపు కనపడదని కండక్టరమ్మ వాదన.

స్లీపింగ్ బ్యాగు, చాప, రెయిన్‌కోటు, ఉన్ని కోటు, పొడి సాక్సులు ప్లాస్టిక్ సంచిలో కట్టి, తలకు పెట్టుకునే లైటు, దానికి అదనంగా బ్యాటరీలు, ఈల, పళ్ళెం, గ్లాసు, రోజూ వేసుకునే మాత్రలు. ఒక్కొక్కటీ చేత్తో తాకుతూ పోయారు. టీచరమ్మ ఫొటోగ్రాఫర్ దుప్పటి ముందు ఆగిపోయింది.

“ఈ మూడు కాళ్ళ జంతువు కూడా వస్తోందా?”

“ట్రైపాడ్ టీచరమ్మా. అది లేకపోతే నక్షత్రాలు వణుకుతాయి.”

“అది మోస్తే నువ్వు వణుకుతావు.”

“తూకానికి లోబడితే రానివ్వండి,” అంది కండక్టరమ్మ. “సరదాక్కూడా అయిదో వంతులో చోటు ఉంది. కానీ ఉమ్మడి వాటా తగ్గిస్తే ఊరుకోను.”

అందరివీ బాగానే ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ రెయిన్‌కోటు కూడా అప్పుడు ఉంది. టీచరమ్మే మడత విప్పి, చిరుగులు చూసి, మళ్ళీ మడత పెట్టింది.

తర్వాత మనుషుల్ని తూచారు. మూల ఉన్న పాత మిషను మీద కండక్టరమ్మ అందరికంటే ముందు ఎక్కింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. జబ్బుకు ముందు ఉన్నదానికి పది కిలోలు తక్కువ. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఆమెకు గుచ్చుకుంది.

“యాభై. వాటా పది. రాయండి మాస్టారూ,” అంది పైకి గట్టిగా.

ఆమె సొంత సామానే నీళ్ళతో కలిపి ఏడు దాటింది. ఉమ్మడి వాటాకు మిగిలింది మూడులోపు. ఇన్నేళ్ళూ పెద్ద గిన్నె ఆమెదే. మసిబారి, అంచు సొట్టపోయిన ఆ గిన్నెను ఆమె ఇంకెవరికీ ఇచ్చేది కాదు. చెయ్యి ఈసారి కూడా అలవాటుగా దానివైపే పోయింది. పట్టుకుంది. కాస్త పైకెత్తింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. కాటా వైపు చూసింది, గిన్నె వైపు చూసింది.

“ఇదిగో పహిల్వాన్,” అని గిన్నె అతని దుప్పటి మీద కాస్త గట్టిగానే పెట్టింది. “లోపల సాక్సులు కుక్కుకో, ఖాళీగా మోయకు. సొట్ట నువ్వు పెట్టావని ఎవరన్నా అంటే, కాదని చెప్పు. అది నాది.”

చివరికి ఆమె వాటాకు మూడు వచ్చాయి. మందుల పెట్టె, తనూ కూతురూ పడుకునే గుడారానికి పైకప్పు, మొదటి సాయంత్రం తిండి సంచి. అడుగున స్లీపింగ్ బ్యాగు, దాని మీద వీపుకు ఆనేలా బరువైన తిండి సంచి, బయటి వైపు తేలిక బట్టలు, పైన పైకప్పు, రెయిన్‌కోటు, అన్నిటి మీదా మందుల పెట్టె. కొక్కేనికి తగిలిస్తే ముల్లు పది దగ్గర నిలబడింది. ఎవరూ చూడకుండా ఒక్క క్షణం నవ్వుకుంది.

ఈ పట్టు ఆమెకు ఊరికే రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదట్లో డిపో దగ్గర పాదచారుల వంతెన మీద నాలుగు మెట్లెక్కి ఊచ పట్టుకుని నిలబడిపోయింది. కింద డ్రైవర్లు చూస్తున్నారు. “ఏమ్మా, టైరు పంచరా?” అని ఒకడు కేకేశాడు. “పంచరు కాదురా, స్టాపు!” అని పైనుంచే అరిచింది. అరిచాక దమ్ము తీసుకోడానికి ఇంకాసేపు పట్టింది. ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే నీళ్ళ సీసాలు నింపిన బ్యాగు తగిలించుకుని అదే వంతెన ఎక్కి దిగింది. మొదట ఒక సీసాతో, తర్వాత రెండిటితో. డ్రైవర్లు ముందు పందేలు కాశారు, తర్వాత విసుగొచ్చి మానేశారు. వాళ్ళకు విసుగొచ్చేదాకా ఎక్కగలిగాననే ఆమె గొప్పగా చెప్పుకునేది.

*

సర్దడం అయ్యాక అందరూ టీ తాగడానికి కిందికి దిగారు. బ్యాగులన్నీ గోడ వెంబడి వరసగా నిలబెట్టి ఉన్నాయి. కండక్టరమ్మ టీ కొట్టువాడితో చక్కెర దగ్గర గొడవ పెట్టుకుంటుంటే, ‘ఫోను మర్చిపోయా’ అని ముందు కూతురు పైకెళ్ళింది. కాసేపటికి పహిల్వాన్ ‘చేతులు కడుక్కొస్తా’ అన్నాడు. ఆ తర్వాత ఫొటోగ్రాఫర్ ఏ సాకూ చెప్పకుండానే మెట్లెక్కాడు. అతనికి అబద్ధాలు రావు.

సెక్రటరీ అన్నమాట ప్రకారం సాయంత్రం వచ్చాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“ముందు హాజరు, తర్వాత మీ తూకం,” అంది కండక్టరమ్మ. కాగితం చేత్తో పట్టుకుంది. “పెద్ద గిన్నె?”

“ఉన్నాను!” పహిల్వాన్.

“మొదటి స్టవ్వు?”

“ఉన్నాను,” మాస్టారు.

“రెండో స్టవ్వు? గ్యాసు? తాడు? నీళ్ళు శుద్ధి చేసే మాత్రలు?” వరసగా గొంతులు పలుకుతున్నాయి, బ్యాగుల జిప్పులు తెరుచుకుంటున్నాయి.

“మందుల పెట్టె?” అని పిలిచి, “ఉన్నాను!” అని తనే జవాబిచ్చి, తన బ్యాగు జిప్పు లాగి చెయ్యి పెట్టింది.

చేతికి రెయిన్‌కోటు తగిలింది. ఇంకాస్త లోపలికి పెట్టింది. ఉన్ని కోటు. అడుగుదాకా వెతికింది. స్లీపింగ్ బ్యాగు తగిలింది.

చెయ్యి బయటికి తీసి, లేచి, బ్యాగు ఒంటిచేత్తో ఎత్తి కొక్కేనికి తగిలించింది. ముల్లు ఏడు దగ్గర ఆగిపోయింది.

సెక్రటరీ కుర్చీలో ముందుకు వంగాడు. “అక్కయ్యా, ఇదేమిటి?”

“హోల్డాన్!” అంది కండక్టరమ్మ. ఈసారి గొంతు కింద సైకిల్ షాపు దాకా పోయింది. కింద సుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది. “ఎవ్వరూ కదలొద్దు. నా బస్సులో జేబు కొట్టేశారు. తలుపులు మూసి ఒక్కొక్కర్నీ వెతికేదాకా బండి కదలదు.”

ఎవరూ కదలలేదు. మాస్టారు మాత్రం అమాయకంగా రెండు చేతులూ పైకెత్తాడు.

“అమ్మా, నేనే,” అంది కూతురు. తన బ్యాగులోంచి మందుల పెట్టె తీసింది. “నాకు మందుల సంగతి తెలుసు కదా. నా దగ్గరుంటే ఏమిటి?”

“పెట్టె ఒక కిలో. పోయినవి మూడు. మిగతా దొంగలెవరు?”

పహిల్వాన్ తల వంచుకుని గుడారం పైకప్పు బయటికి లాగాడు. “నిన్న రాత్రి మీ అమ్మాయి ఫోన్ చేసిందక్కా. ఒక్క వస్తువు తీసెయ్యమంది, అంతే. నేనొక్కణ్ణే అనుకున్నా.”

“నేనూ అంతే అనుకున్నా,” అన్నాడు ఫొటోగ్రాఫర్. అతని బ్యాగులోంచి తిండి సంచి వచ్చింది.

కండక్టరమ్మ కూతురి వంక చూసింది. “ఒకరికి తెలియకుండా ఒకరికి ఫోన్ చేశావా?”

“చేశాను. ఒక్కరైనా తీస్తారని చేశాను.”

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. ఆయనేమీ సంతోషపడలేదు కానీ మాట మాటే కదా. “చూడండక్కయ్యా, తేడా వచ్చింది. వీళ్ళందరూ అనుకునేదే నేనూ అన్నాను. మాట ప్రకారం...”

“కూర్చోండి. తనిఖీ ఇంకా అవలేదు.” ఆయన కూర్చున్నాడు. “దుప్పట్లు పరవండి. అందరివీ మళ్ళీ బోర్లించండి.”

“మళ్ళీనా!” అని టీచరమ్మ నడుం పట్టుకుంది కానీ, ముందు ఆమే బోర్లించింది.

కండక్టరమ్మ ఈసారి తనే ఒక్కో దుప్పటి దగ్గరికీ నడిచింది. పహిల్వాన్ ముందు ఆగింది. “గుడారాలు వేసే చోటు చూడ్డానికి నువ్వు అందరికంటే ముందు పోతావు. నా కూతురు అందరికంటే వెనక వస్తుంది. గుడారం లోపలి గుడ్డ దాని దగ్గర, పైకప్పు నీ దగ్గర. వాన పడితే మేమిద్దరం దోమతెరలో కూర్చుని నీ కోసం ఈల వెయ్యాలా?”

“అది... తట్టలేదక్కా.”

ఫొటోగ్రాఫర్ దుప్పటి దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. ఒక్కొక్కటీ చూస్తూ పోయింది. “నీ రెయిన్‌కోటేదీ?”

అతను తలుపు వైపు చూశాడు. టీచరమ్మ ఉలిక్కిపడింది. “నా చేత్తో మడిచి పెట్టాను! అప్పుడుంది!”

“తలుపు వెనక ఉంది,” అన్నాడు ఫొటోగ్రాఫర్. “తిండి సంచి పెడితే అయిదో వంతు దాటిపోయింది. లోపల చోటూ లేదు. ఆకాశం చూశానక్కా, మబ్బు తునక లేదు. అందుకని...”

“అందుకని కోటు తీసేసి, మూడు కాళ్ళ జంతువును ఉంచావు.”

“అదలా జరిగిపోయింది.”

ఆమె తలుపు వెనక్కి వెళ్ళి కోటు తెచ్చింది. అతని ఒళ్ళో వేయలేదు, సెక్రటరీ చేతిలో పెట్టింది. ఆయన ఏం చెయ్యాలో తెలియక పట్టుకునే కూర్చున్నాడు.

“ఇదీ మీరందరూ నా మీద చూపించిన దయ తూకం. తిండి సంచితో నా వీపు మీంచి ఒక కిలో దిగింది. వీడి ఒంటి మీంచి కోటు దిగింది. కొండమీద వాన పడి వీడు తడిసి వణుకుతుంటే, అప్పుడు మోయాల్సింది కిలో కాదు, మనిషిని. తనిఖీ అయ్యాక బ్యాగు ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాను? నా బరువు తగ్గించాలంటే నా ముందు తగ్గించండి, కాటా ముందు తగ్గించండి. ఒప్పుకుంటానో దెబ్బలాడతానో అది వేరే సంగతి. నా వెనక తగ్గించే హక్కు మీకెవరికీ లేదు.” ఆమె సెక్రటరీ వైపు తిరిగింది. “తేడా వచ్చిందన్నారు. వచ్చింది. ఎక్కడ పట్టుకున్నాను? కొండ మీదా, హాల్లోనా?”

సెక్రటరీ రెయిన్‌కోటు మడత పెట్టడం మొదలుపెట్టాడు.

“అమ్మా,” అంది కూతురు. ఆ తల్లి కూతురే కదా, వెనక్కి తగ్గలేదు. “ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్నది నేను. నువ్వు ఊపిరి తీస్తుంటే ఆ చప్పుడు విన్నది నేను. నీకు మందిచ్చి పడుకోబెట్టి, మళ్ళీ ఊపిరి తీస్తావో లేదో అని చూస్తూ కూర్చున్నది నేను. నీ రోషం నీది. నా భయం ఎవరికివ్వను? దానికెవరన్నా వాటా తీసుకుంటారా?”

కండక్టరమ్మ కూతురి ఎదురుగా దుప్పటి మీద చతికిలబడింది. ఆ పిల్ల మోకాలి మీద చెయ్యేసింది.

“నేను తీసుకుంటా. నాకూ అదే భయం. వంతెన మీద నాలుగు మెట్లకే ఆగిపోయినప్పుడు ఎంత భయం వేసిందో నీకు చెప్పలేదు. చెప్పుంటే బావుండేది. కానీ, తల్లీ, గిన్నె వదిలాను చూశావా? ఎవరూ లాక్కోలేదు. నేనే వదిలాను. నా వల్ల కానిది నేనే దింపుతాను, దింపినప్పుడు నీకు చెబుతాను. అయ్యే బరువును మాత్రం నాకు ఉండనీ. అది కూడా తీసేస్తే నేను నీ వెనక నడిచే సామాను అవుతా.”

కూతురు ముక్కు ఎగబీల్చి, మందుల పెట్టె తల్లి ఒళ్ళోకి తోసింది.

“ఊపిరి ఆడకపోతే ఆగాలి.”

“ఆగుతా.”

“‘స్టాపు’ అని అబద్ధం చెప్పకూడదు.”

“అది డ్రైవర్లకు. నీకు చెప్పను.”

పైకప్పు వెనక్కి వచ్చింది, తిండి సంచి వచ్చింది. ఫొటోగ్రాఫర్ సెక్రటరీ చేతిలోంచి కోటు అందుకుని, అన్నిటికంటే పైన పెట్టాడు. ఆరు బ్యాగులూ మళ్ళీ ఒక్కొక్కటే కొక్కెం ఎక్కాయి. కండక్టరమ్మ బ్యాగు ఆఖరున. ముల్లు పది దగ్గర నిలబడింది. సెక్రటరీ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని మరీ చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద ఆమె పేరు పక్కనున్న గీతను కొట్టేసి మూడు వస్తువులూ రాశాడు.

“అక్షరాలు పెద్దవిగా రాయండి. చీకట్లో కూడా కనపడాలి,” అంది ఆమె.

*

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో కండక్టరు కుర్రాడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ఫుట్‌బోర్డు మీంచి వంగి, “ఇలా ఇవ్వండమ్మా, నేను పైకి పెడతా,” అని బ్యాగు పట్టుకోబోయాడు.

“చెయ్యి తియ్యి. టికెట్లు చూసుకో ముందు.”

కొండ మొదట్లో దిగి, మళ్ళీ హాజరు. ఈసారి కాగితం కూతురి చేతిలో ఉంది. గ్యాసు, స్టవ్వులు, గిన్నె, తాడు అన్నీ పలికాయి.

“మందుల పెట్టె?”

“ఉన్నాను!” అంది కండక్టరమ్మ. చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. చెయ్యి పెట్టె మీదే ఉంది.

అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి, మిగతావాళ్ళు ఆ అడుగును బట్టి నడవాలి. అది కూడా ఆమె పద్ధతే. ఇన్నేళ్ళూ ఆ చోటు ఎవరో ఒకరికిచ్చి తను వెనక వచ్చేది. ఈసారి తనే వెళ్ళి ముందు నిలబడింది. నడుం పట్టీ బిగించుకుంది. పహిల్వాన్‌ను తన వెనకే పెట్టుకుంది.

మొదటి ఎత్తులోనే ఊపిరి బరువెక్కింది. ఆమె ఆగింది. వెనక వరసంతా ఆగింది. కూతురు ఆఖర్నుంచి మెడ చాచి చూసింది.

“ఆయాసం!” అని కండక్టరమ్మ అక్కణ్ణుంచే కేకేసింది. “స్టాపు కాదు. ఆయాసమే. కాస్సేపట్లో పోతుంది.”

కర్ర మీద ఆనుకుని నిలబడింది. వెనక పహిల్వాన్ కాళ్ళు మార్చుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

“వెనకనుంచి హారన్ కొట్టొద్దు,” అంది ఆమె తిరగకుండానే. “తొందరున్నవాళ్ళు దిగి వేరే బస్సెక్కండి.”

ఎవరూ దిగలేదు. ఊపిరి కుదురుకునేదాకా ఆమె తనకు కావలసినంత సేపు నిలబడింది. తర్వాత బ్యాగును ఒక్కసారి భుజాల మీద ఎగరేసి సర్దుకుని, కర్ర ముందుకు వేసింది.

“రైట్, రైట్!”